మామ మాత్రల షీటు చదవడానికి మేం పడ్డ పాట్లు

మా మేనమామ ఇంట్లో షుగర్ మాత్రలు మూడు రకాలుంటాయి. మూడూ ఒకే కంపెనీవి, మూడింటికీ అదే నీలం గీత, అదే వెండి రేకు. ఒకటి పొద్దున టిఫినుకు ముందు వేసుకునే ఎం2, అంటే గ్లిమెపిరైడ్ రెండు మిల్లీగ్రాములూ మెట్‌ఫార్మిన్‌ కలిసినది. ఇంకొకటి డాక్టరు డోసు మార్చకముందు వాడిన ఎం1. అందులో గ్లిమెపిరైడ్ ఒక మిల్లీగ్రామే ఉంటుంది, పారేయడానికి మనసొప్పక డబ్బాలో అట్లే ఉండిపోయింది. మూడోది రాత్రి భోజనం తర్వాత వేసుకునే ఉత్త మెట్‌ఫార్మిన్ 500. కళ్లు బాగున్నవాళ్లు కూడా ఒకసారి ఆగి చూస్తే గానీ తేడా కనిపెట్టలేరు, అలాంటిది మామకు చూపే సగం.

మామది తిరుపతి కొర్లగుంట. ఆర్టీసీ కండక్టరుగా చేసి రిటైరయ్యాడు, తిరుమల కొండకు పోయే సప్తగిరి బస్సుల్లోనే ఎక్కువ కాలం. ఒకప్పుడు కదిలే బస్సులో, ఘాట్ రోడ్డు మలుపుల్లో, మినుకు మినుకుమనే లైటు కింద టికెట్టు నంబర్లు చూసి లెక్క రాసిన మనిషి. షుగర్ వల్ల రెటీనా దెబ్బతింది. లేజర్ చేయించాం, శుక్లం ఆపరేషనూ అయింది, కానీ రెటీనాలో పోయింది అద్దాలతో తిరిగి రాదని డాక్టరు ముందే చెప్పారు. పేపర్లో హెడ్డింగులు చదువుతాడు, కింద వార్త చదవలేడు. అత్త ఉన్నన్నాళ్లూ మాత్రలు ఆమే విడదీసి చేతిలో పెట్టేది. పోయిన ఏడాది అత్త పోయింది. నేను చిత్తూరులో ఉంటాను, ఆదివారాలు బస్సెక్కి పోతుంటాను.

ఒక రాత్రి భోజనం తర్వాత మెట్‌ఫార్మిన్ అనుకుని ఎం2 వేసుకున్నాడు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ మరీ పడిపోవడం అరుదు, కానీ గ్లిమెపిరైడ్ మనం తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను బయటికి తోస్తుంది. తెల్లవారుజామున ఒళ్లంతా చెమట, చేతుల వణుకు, మంచం దిగితే కాళ్లు నిలవలేదు. ఎదురింటి అమ్మాయి వచ్చి మిషన్లో చూస్తే 58. డెబ్బై కన్నా తక్కువంటేనే తక్కువ కింద లెక్క. చక్కెర నీళ్లు తాగించి, పావుగంటకు మళ్లీ చూసి, ఇడ్లీలు పెట్టి, ఆ తర్వాతే నాకు ఫోన్ చేసింది. నేను పోయేసరికి మామ కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ముందు బల్ల మీద మూడు షీట్లు. "చూడు అల్లుడూ, ఏది ఏదో నువ్వే చెప్పు" అన్నాడు. నేను చెప్పడానికే అర నిమిషం పట్టింది.

ఆ రోజే ఎం1ను పారేయడానికని తీసి నా సంచిలో వేసుకున్నాను. అసలు ముందు చేయాల్సిన పని అదే, వాడని షీటు ఇంట్లో ఉండకూడదు. కానీ మిగతా రెండూ ఉండాల్సిందే, పైగా నెలనెలా కొత్త షీట్లు వస్తాయి, షాపులో ఆ కంపెనీది లేకపోతే ఇంకో కంపెనీది ఇస్తారు. డబ్బా మీద మార్కర్‌తో రాసేస్తే చాలదా అంటే చాలదు. డబ్బాలో పెట్టేటప్పుడు ఎవరో ఒకరు ముందు షీటు చదివి పెట్టాలి కదా. మామకు ఆ పని తనే చేసుకోవాలని పట్టుదల. ప్రతిదానికీ ఎదురింటికి పోయి అడగడం ఆయనకు నామోషీ.

మొదట భూతద్దం. గాంధీ రోడ్డులో ఒకటి కొన్నాం, మూడు రెట్లు పెద్దది చేస్తుందని దాని మీదే రాసుంది. మామ దాన్ని ఓ వారం తిప్పి తిప్పి పక్కన పడేశాడు. ఎందుకో తర్వాత స్కేలు పెట్టి కొలిచాక గానీ నాకు తెలియలేదు. పేపర్లో ఆయన చదవగలిగే హెడ్డింగు అక్షరం ఎత్తు దాదాపు ఒక సెంటీమీటరు. షీటు మీద మందు పేరు ఒక మిల్లీమీటరు, కొన్నిచోట్ల అంతకన్నా కాస్త ఎక్కువ. అంటే పది రెట్లు కావాలి. మూడు రెట్ల అద్దంతో ఏమవుతుంది? పోనీ పది రెట్ల అద్దం తెద్దామంటే, దాన్ని షీటుకు దాదాపు ఆనించి పట్టుకోవాలి, అందులో నాలుగైదు అక్షరాలకన్నా కనపడవు, చేతులు వణికితే అవీ పారిపోతాయి. అదే ఫోను తెర మీద అయితే ఎన్ని రెట్లయినా పెంచుకోవచ్చు. అందుకే ఫోను పట్టాం.

ఫోనుతో మొదటి రోజు అంతా తప్పులే. అందరూ చేసే తప్పే నేనూ చేశాను: చిన్న అక్షరం కదా అని ఫోనును షీటు దగ్గరికి తీసుకుపోయాను. ఎంత దగ్గరికి పోతే అంత మసక. నా ఫోనులో పెద్ద కెమెరా పది సెంటీమీటర్ల లోపల ఉన్నదాన్ని ఫోకస్ చేయలేదు, చాలా ఫోన్లు దాదాపు ఇంతే. మామ ఫోనులో మాక్రో అని ఇంకో చిన్న కెమెరా ఉంది, దగ్గరికి పోతే దానంతట అదే దానికి మారిపోతుంది. దాని బొమ్మలో అక్షరాల అంచులు ఉప్పురవ్వ చల్లినట్టుంటాయి. కాబట్టి మాక్రో ఆపేసి, ఫోనును దాదాపు జానెడు దూరానికి జరిపి, రెండు రెట్ల జూమ్ పెట్టి, తెర మీద అక్షరాలున్న చోట వేలితో ఒక్కసారి తాకి, ఫోటో తీయడం. జూమ్ రెండు దాటి పది దాకా పెంచితే కొత్త వివరం ఏమీ రాదు, ఉన్న మసకే పెద్దదవుతుంది. ఇంకోటి, కెమెరాలో నేరుగా చూస్తూ చదవాలనుకోవడం కన్నా ఫోటో తీసి, ఆ ఫోటోను రెండు వేళ్లతో విప్పి చదవడమే మేలు. ఫోటో వణకదు.

దూరం సరిపోయింది, ఫోకస్ కుదిరింది, అయినా అక్షరాలు కనపడవు. ఫోటోలో షీటు మధ్యన పెద్ద తెల్ల మచ్చ, చుట్టూ ముదురు బూడిద రంగు. ఫ్లాష్ వేస్తే మచ్చ ఇంకా పెద్దదైంది, ట్యూబులైటు కింద పెడితే ట్యూబులైటే ఒక గీతలా షీటు మీద పడింది. లైటు ఆర్పి కిటికీ దగ్గరికి పోతే మచ్చ పోయింది కానీ రేకంతా నల్లబడి, నల్ల అక్షరాలు అందులో కలిసిపోయాయి. లైటు ఎక్కువైనా కనపడక, తక్కువైనా కనపడకపోతే ఏం చేయాలో తెలియక, షీటును చేతిలో తిప్పుతూ కూర్చున్నాను. తిప్పుతుంటే ఒక క్షణం పేరు స్పష్టంగా వెలిగి మాయమైంది. మళ్లీ అదే కోణానికి తెచ్చాను. ఆ కోణంలో రేకులో కనిపిస్తున్నది పక్కనున్న సున్నం గోడ!

అప్పుడు అర్థమైంది. రేకు అంటే అద్దం. కాగితం మీద లైటు వేస్తే కాగితం వెలుగుతుంది, కానీ అద్దం మీద లైటు వేస్తే అద్దం వెలగదు, తనకు ఎదురుగా ఏముందో దాన్నే చూపిస్తుంది. ఎదురుగా బల్బు ఉంటే మచ్చ, నల్ల ఫోను ఉంటే నలుపు, తెల్ల గోడ ఉంటే తెలుపు. మనకు కావాల్సింది తెల్లటి నేల మీద నల్లటి అక్షరం కాబట్టి, రేకుకు విశాలంగా, ఒకేరీతిగా తెల్లగా ఉన్నదేదో చూపించాలి. లైటు ఎంత ఉందనేది ఆ తర్వాతి సంగతి.

దాంతో మామ తెల్ల పంచె ఒకటి తెచ్చి పడమటి కిటికీకి కట్టాను. కిటికీ పక్కన బల్ల. బల్ల మీద పొడుగాటి స్టీలు గ్లాసులు రెండు బోర్లించి, వాటి మధ్యన వంతెనలా ఫోను, తెర పైకి, కెమెరా కిందికి. ఆ గ్లాసులు పన్నెండు సెంటీమీటర్లున్నాయి, ఫోకస్‌కు సరిగ్గా సరిపోయింది, చేతి వణుకు సమస్యే లేదు. ఫోను కింద షీటు పెట్టి, కిటికీకి దూరంగా ఉన్న అంచు కింద ఒక అగ్గిపెట్టె దూర్చాను, దాంతో షీటు కిటికీ వైపు కొంచెం వాలింది. అగ్గిపెట్టె లేకుండా పరిస్తే రేకులో ఫోను వీపే కనిపిస్తుంది, అగ్గిపెట్టె పెడితే పంచె కనిపిస్తుంది, అంతే తేడా. పెట్టక ముందు ఫోటో, పెట్టాక ఫోటో పక్కపక్కన చూస్తే ఒకే షీటంటే నమ్మరు. ఒక చిన్న చిక్కు, స్టీలు గ్లాసులు కూడా అద్దాలే కదా, వాటి మెరుపు ఒక గీతగా షీటు మీద పడుతుంటే, రెండింటికీ పాత దినపత్రిక చుట్టాం.

పగలు ఇది చాలు. రాత్రయితే కిటికీ పనికిరాదు. అప్పుడు పంచెను బల్ల పక్కన కుర్చీ వీపుకు వేసి, ఇంకో ఫోను టార్చిని షీటు మీదికి కాకుండా పంచె మీదికి కొడతాం. పంచె వెలుగుతుంది, రేకు పంచెను చూపిస్తుంది. టార్చిని నేరుగా షీటుకు కొట్టాలనే అలవాటు మాత్రం మామ దగ్గర మానిపించలేకపోతున్నాను, "లైటు ఆడ కొడితే ఈడెట్లా కనపడుతుందిరా" అని ఒకటే వాదన.

ఫోటో వచ్చాక మామకు చదవడం. తెల్లటి తెర ఆయన కంటిని కొడుతుంది, శుక్లం తీసినా వెలుగు చూస్తే కళ్లు మూసుకుంటాడు. ఫోనులో యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో రంగులు తిరగేసేది ఒకటి ఉంది, కలర్ ఇన్వర్షన్ అంటారు. అది వేస్తే నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు వస్తాయి. దాన్ని ఆన్ చేసి, మందు పేరు తెర అంచు నుంచి అంచు దాకా వచ్చేట్టు పెంచి ఇచ్చాను. మామ ఫోనును ముక్కుకు జానెడు దూరాన పట్టుకుని, ఒక్కొక్క అక్షరమే, "ఎం... ఈ... టీ..." అని కూడబలుక్కున్నాడు. మెట్‌ఫార్మిన్ మొత్తం చదవడానికి రెండు నిమిషాలు పట్టినట్టుంది. నేను నోరు మెదపలేదు.

కానీ రోజూ అంత ఓపిక ఎవరికుంటుంది? అందుకని వినిపించే పద్ధతికి వచ్చాం. ఫోటోను గూగుల్ లెన్స్‌లో తెరిస్తే అందులోని అక్షరాలను పట్టుకుంటుంది, మనకు కావాల్సిన వాక్యాన్ని వేలితో ఎంచుకుని వినమంటే చదువుతుంది. ఆండ్రాయిడ్‌లో లుకౌట్ అని చూపు తక్కువ ఉన్నవాళ్ల కోసమే చేసిన ఆప్ ఉంది, అందులో టెక్స్ట్ మోడ్ పెట్టి కెమెరా చూపిస్తే చాలు, ఫోటో బటన్ నొక్కే పని లేకుండా కనిపించింది చదువుకుంటూ పోతుంది. ఐఫోన్ వాళ్లకు మాగ్నిఫయర్ అనే ఆప్ ఫోనుతోనే వస్తుంది. అట్టపెట్టె మీది అక్షరాలకు నేరుగా చూపించి వినడం బ్రహ్మాండం. చేతిలో పట్టుకున్న రేకు దగ్గరికి వచ్చేసరికి ఏ ఆప్ అయినా తడబడుతుంది, ఎందుకంటే చెయ్యి కదిలిన ప్రతిసారీ మెరుపు మారి, సగం మాట చదివి మళ్లీ మొదలెడుతుంది. గ్లాసుల మీద పెట్టి తీసిన ఫోటో ఇచ్చామంటే మాత్రం చక్కగా చదివింది.

చక్కగా అన్నాను కానీ, అంకెల దగ్గర కాదు. ఇది జాగ్రత్తగా వినండి. షీటు వెనక రేకును అతికించేటప్పుడు వేడికి సన్నసన్న గళ్లు పడతాయి, చూసుంటారు, వేలితో తడిమితే గరుకుగా తగులుతాయి. ఆ గళ్లు అక్షరాల్ని కోస్తాయి. అక్షరాలైతే ఒకటి పోయినా పక్కవాటిని బట్టి మాట తెలిసిపోతుంది, అంకెకు పక్కవాళ్ల సాయం ఉండదు. పారేసే ముందు పరీక్ష కోసం ఆ ఎం1 షీటును కూడా ఫోటో తీసి వినిపించాను. ఫోను "ఎంఎల్" అంది. ఒకటి అంకెను చిన్న ఎల్ అక్షరంగా పట్టింది. మామ వెంటనే "మిల్లీలీటరు అంటాందేందిరా, ఇది టానిక్కా?" అన్నాడు. నవ్వుకున్నాం కానీ నాకు లోపల గుబులే. ఎంఎల్ అని విని అది ఎం1 అనుకోవడం సరే, ఎం2 అనుకుంటే?

అందుకని మేం ఒక నియమం పెట్టుకున్నాం. షీటు వెనక మందు పేరు ఒకేసారి ఉండదు, పైనుంచి కిందికి మూడు నాలుగు సార్లు మళ్లీ మళ్లీ అచ్చవుతుంది. ఒకచోట విన్నాక, షీటును జరిపి ఇంకోచోట ఫోటో తీసి మళ్లీ వినాలి. రెండుచోట్లా ఒకే అంకె రావాలి. ఆ తర్వాత బ్రాండు పేరు పక్కన ఉన్న ఎం1, ఎం2 లాంటి తోకను నమ్మకుండా, కింద కూర్పు రాసిన వరుసలో గ్లిమెపిరైడ్ ఎన్ని మిల్లీగ్రాములని ఉందో అది వినాలి. మన దేశంలో మందు అసలు పేరును బ్రాండు పేరు కన్నా రెండు సైజులు పెద్ద అక్షరాలతో వేయాలని రూలు ఉంది, రెండు మందులు కలిసిన మాత్రలకూ అది వర్తిస్తుంది, కాబట్టి చాలా షీట్ల మీద అసలు పేరే తేలిగ్గా దొరుకుతుంది. ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవకపోతే ఆ షీటు పక్కన పెట్టి నాకు వాట్సాప్‌లో ఫోటో పంపాలి. ఇంతవరకు రెండుసార్లు పంపాడు.

ఇంకో మాట, అనువాదం నొక్కకండి. తెలుగులో చెబుతుంది కదా అని నేను మొదట అదే నొక్కాను. "పిల్లలకు అందనివ్వకండి" లాంటివి బాగానే వస్తాయి, మందు పేరు మాత్రం గుర్తుపట్టలేనట్టు తయారవుతుంది. పేరునూ అంకెల్నూ ఉన్నవి ఉన్నట్టు ఇంగ్లీషులోనే, మన దేశపు ఇంగ్లీషు గొంతుతో, వేగం బాగా తగ్గించి వినాలి. వేగం టెక్స్ట్ టు స్పీచ్ సెట్టింగులో ఉంటుంది. మామకు ఇంగ్లీషు పెద్దగా రాకపోయినా అంకెలు, అక్షరాలు కండక్టరు పనిలో కొట్టిన పిండి. మొదట్లో ఫోను షీటు మొత్తం చదివేది, తయారీ లైసెన్సు నంబరు, ఫ్యాక్టరీ చిరునామా, పిన్‌కోడ్‌తో సహా. మామ విసుక్కుని ఫోను బోర్లించేవాడు. అందుకే ముందే ఫోటోను కత్తిరించి పేరున్న ముక్క ఒకటి, తేదీ ఉన్న ముక్క ఒకటి చేసుకుంటున్నాం.

తేదీది వేరే కథ. మందు పేరు నాలుగుచోట్ల ఉంటుంది, ఎక్స్‌పైరీ మాత్రం షీటుకు ఒకే ఒక్క కొసన ఉంటుంది. మందుల షాపులో అయిదు మాత్రలడిగితే కత్తెరతో కోసి ఇస్తారు, తేదీ ఉన్న ముక్క ఎవరి ఇంటికి పోతుందో అదృష్టం. మామ ఇప్పుడు షాపులో తేదీ ఉన్న కొస కావాలని అడుగుతాడు, ఇవ్వకపోతే బిల్లు అడుగుతాడు, కంప్యూటర్ బిల్లు మీద బ్యాచ్ నంబరూ ఎక్స్‌పైరీ ఉంటాయి, పైగా అది కాగితం, మెరవదు. ఇంటికొచ్చాక తేదీ లేని కొస నుంచి మాత్రలు వాడటం మొదలుపెట్టాలి. తేదీ వైపు నుంచి మొదలుపెడితే మాత్ర తోసినప్పుడు రేకు చిరిగి అంకె మధ్యలోంచి పోతుంది. అసలు మేమైతే కొత్త షీటు తేగానే, ఒక్క మాత్ర కూడా తీయకముందే ఫోటోలు తీసి ఫోనులో ఒక ఆల్బమ్‌లో పెడుతున్నాం.

కొన్ని షీట్ల మీద తేదీకి సిరా ఉండదు, రేకును నొక్కి అంకెలు దించేస్తారు. తెల్లటి పంచె వెలుగులో అవి అసలే కనపడవు, ఎందుకంటే అక్కడ రంగు తేడా లేదు. దానికి సరిగ్గా దీనికి విరుద్ధం చేయాలి. గది చీకటి చేసి, టార్చిని షీటుకు ఆనుకున్నట్టుగా పక్కనుంచి, బల్ల మీద పడుకోబెట్టి వేయాలి. గుంటల్లో నీడ పడి అంకెలు లేస్తాయి. అలా కూడా దొరక్కపోతే మామే ఒక ఉపాయం చెప్పాడు. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దేవాళ్లం కదా, అదే. పల్చటి కాగితం వేసి, పెన్సిలును పడుకోబెట్టి మెల్లగా రుద్దితే చుట్టూ నల్లబడి అంకెలు తెల్లగా మిగిలాయి. నేను అద్దాలు, లైట్లు, ఆప్‌లు అని తిరుగుతుంటే ఆయన అర్ధ రూపాయి పెన్సిలు ముక్కతో తేల్చేశాడు. అవతలి వైపు రుద్దితే అంకెలు తిరగబడి వస్తాయి, అంకెలు సరిగ్గా ఉన్న వైపే రుద్దాలి.

తేదీ వినడంలోనూ తప్పులొస్తాయి, ముఖ్యంగా ఎనిమిది, మూడు, ఆరు. దీన్ని పట్టుకునే చిట్కా మామకు బాగా నచ్చింది, ఎందుకంటే ఇది లెక్క. ఒక షీటు మీద తయారీ 09/2024 అని చదివింది, ఎక్స్‌పైరీ 03/2026 అని చదివింది. చాలా మాత్రలకు గడువు రెండేళ్లో మూడేళ్లో ఉంటుంది, తయారీ నెలకు ఒక నెల ముందు ఎక్స్‌పైరీ పడుతుంది. సెప్టెంబరు 2024లో తయారైతే ఆగస్టు 2026 రావాలి. మార్చి అంటే అనుమానం. మళ్లీ అగ్గిపెట్టె సర్ది ఫోటో తీస్తే 08 అని తేలింది, ఎనిమిదికి ఎడమవైపు వంపులు రెండూ గళ్లలో పోయాయి, అందుకే మూడు అయింది. ఏడాదిన్నర గడువున్న మందులు కూడా ఉంటాయి కాబట్టి లెక్క కుదరలేదని తప్పని తేల్చకూడదు, ఇంకోసారి చూడాలంతే. ఎక్స్‌పైరీ నెల రాసుంటే ఆ నెల చివరి రోజు దాకా వాడొచ్చు, ఒకటో తేదీకే పారేయక్కర్లేదు. ఈ ముక్క తెలియక మామ అంతకుముందు ఓ షీటు బయట పడేశాడట.

క్యూఆర్ కోడ్ సంగతి కూడా చూశాను. 2023 ఆగస్టు నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే మూడు వందల బ్రాండ్లకు క్యూఆర్ గానీ బార్‌కోడ్ గానీ వేయాలన్నారు, మందు పేరు, బ్యాచ్, తయారీ, ఎక్స్‌పైరీ అన్నీ అందులో ఉండాలి. స్కాన్ చేస్తే వచ్చేది శుభ్రమైన అక్షరాలు కాబట్టి వినడానికి తప్పు రాదు. మామ మందుల్లో ఒక్కదానికే అది దొరికింది, అదీ అట్టపెట్టె మీద. షాపు వాళ్లు షీటు ఇచ్చి పెట్టె దగ్గర పెట్టుకుంటారు కదా, ఇక ఆ కోడ్‌తో మనకేం పని.

ఇప్పుడు నడుస్తున్నది ఇది. నెల మొదట్లో షీట్లు రాగానే మామ పంచె కడతాడు, గ్లాసులు పెడతాడు, వింటాడు, లెక్క చూస్తాడు. తేలిన షీటును కవర్లో పెట్టి, కవరు మీద నల్ల మార్కర్‌తో అంగుళం ఎత్తు అక్షరాలతో పొద్దున, రాత్రి అని రాస్తాడు. రాత్రి కవరుకు రెండు రబ్బరు బ్యాండ్లు, పొద్దున దానికి ఏమీ ఉండవు, అది కరెంటు పోయినప్పటి కోసం. రోజూ మాత్ర వేసుకునేటప్పుడు ఫోను జోలికే పోడు.

కుదరనిది ఒకటి మిగిలింది. కంట్లో వేసుకునే చుక్కల సీసా. దాని మీది కాగితం గుండ్రంగా చుట్టుకుని ఉంటుంది, ఒకేసారి ఫోటోలో సగం పేరు కూడా పట్టదు, తిప్పి తిప్పి నాలుగు ఫోటోలు తీస్తే ఫోను నాలుగు ముక్కలుగా చదువుతుంది. పోయిన ఆదివారం నేను బస్సుకు బయల్దేరుతుంటే మామ ఆ సీసా తెచ్చి బల్ల మీద దొర్లించాడు. "దీన్ని కూడా అగ్గిపెట్టె మీద పడుకోబెట్టేదా అల్లుడూ?" అన్నాడు. నాలుగు గంటల బస్సు వదిలేసి ఆరు గంటలది పట్టుకున్నాను.